పాల సంఘం బడ్జెట్‌ను సభ్యులకు చింతగింజలతో చెప్పాను

ప్రశ్న: మా ఊరి పాల సంఘానికి ఈమధ్యే అధ్యక్షుడినయ్యాను. మహాజన సభలో వచ్చే ఏడాది బడ్జెట్ ఎలా తయారు చేశామో చెప్పాలి. సభ్యుల్లో చాలామంది పెద్దగా చదువుకోనివాళ్లు. ఎవరైనా ఇలా మాట్లాడి ఉంటే ఎలా చెప్పారో చెప్పండి.

పూతలపట్టు దగ్గర మాదీ చిన్న పాల సంఘమే. నేను రెండుసార్లు బడ్జెట్ ప్రసంగం చేశాను. మొదటిసారి తిట్లు తిన్నాను. అదే ముందు చెబుతాను, మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

ఆ ఏడాది జిరాక్స్ కాగితం అందరికీ పంచి చదివాను. పాల అమ్మకం 82 లక్షలు, పాల కొనుగోలు 79 లక్షలు అని మొదటి రెండు లైన్లు. మూడో లైనుకు పోకముందే వెనక నుంచి ఒకాయన లేచి, "ఏంనా, 82 లక్షలు వస్తా ఉంటే మాకు బోనస్ ఇయ్యడానికి డబ్బుల్లేవంటారే!" అన్నాడు. ఇక సభ ఎక్కడికి పోయిందో చెప్పనక్కర్లేదు. ఆయన తప్పేం లేదు. 79 లక్షలు పది రోజులకోసారి వాళ్ల బిల్లుల్లోనే వాళ్లకు వెళ్లిపోయే డబ్బు. డెయిరీ నుంచి సంఘం ఖాతాలోకి వచ్చి, అక్కడి నుంచి పాలు పోసినవాళ్ల ఖాతాల్లోకి పోతుంది. సంఘానికి మిగిలేది లీటరుకు రూపాయిన్నర కమీషనే. అది చెప్పకుండా పెద్ద అంకె ముందు పెట్టినవాడిని నేను.

అందుకే రెండో ఏడాది పాల డబ్బును బడ్జెట్ కాగితం మీద నుంచి తీసేసి వేరే చీటీ మీద వేశాం. "ఇది మీ డబ్బు, మన చేతుల మీదుగా పోతుంది, దీన్ని ఖర్చు పెట్టే హక్కు సంఘానికి లేదు" అని సభ మొదట్లోనే చెప్పేశాను. ఆ గొడవ అంతటితో అయిపోయింది.

తర్వాత లీటర్ల లెక్క. మొదటి బడ్జెట్‌లో ఇంకో తప్పు చేశాం. చలికాలంలో రోజుకు 600 లీటర్లు వస్తున్నాయి కదా అని దాన్నే 365తో గుణించి 2,19,000 లీటర్లు అని రాసేశాం. ఎండాకాలంలో మా వైపు బోర్లు ఎండిపోతే పచ్చగడ్డి ఉండదు, సీమావులు పాలు బాగా తగ్గిస్తాయి. ఏడాది చివర్లో చూస్తే వచ్చింది 1,90,000 లీటర్లు. 29,000 లీటర్ల తేడా అంటే దాదాపు 43 వేల కమీషన్ రాలేదు. బోనస్ అందులోనే కొట్టుకుపోయింది.

కాబట్టి ఈసారి సెక్రటరీ, నేను కూర్చుని రోజువారీ పాల పుస్తకం తీసి నెలనెలకూ కూడాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజుకు 410, జులై నుంచి సెప్టెంబర్ దాకా 510, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా 600. మార్చి ఇంకా అయిపోలేదు కాబట్టి అంతకుముందు మార్చి అంకె 500 వేశాం. వచ్చే ఏడాదికీ అవే పెట్టుకున్నాం, ఒక్క లీటరు కూడా ఎక్కువ వేయలేదు. సభలో నల్లబల్ల మీద ఈ నాలుగు అంకెలే రాశాను. "ఎండాకాలం మీ ఇంట్లో పాలు ఎంత తగ్గుతాయో మీకు తెలుసు, 600 నుంచి 410 అయితే సరిగ్గా ఉందా?" అని అడిగాను. ఆడవాళ్లే ముందు తలూపారు. పాలు పితికేది వాళ్లే కదా.

ఇక ఖర్చు. లక్షల్లో చెబితే ఎవరికీ అందదని లీటరు లెక్కలోకి మార్చాం. కమీషన్ 2,85,000, ఊళ్లో చిల్లరగా అమ్మే పాల మీద 22 వేలు, దాణా బస్తాల మీద 10 వేలు, మొత్తం 3,17,000. దీన్ని 1,90,000 లీటర్లతో భాగిస్తే లీటరుకు రూపాయి 67 పైసలు. మా ఆవిడ దగ్గర అడిగి 167 చింతగింజలు లెక్కబెట్టి పళ్లెంలో తీసుకుపోయాను. ఒక గింజ ఒక పైసా.

సభలో ఒక చిన్న పిల్లవాడిని పిలిచి కుప్పలు పెట్టించాను. సెక్రటరీ జీతం, పాలు పరీక్ష చేసే అమ్మాయి జీతం కలిపి ఏడాదికి 1,80,000 కాబట్టి 95 గింజలు. గది అద్దె, కరెంటు, టెస్టింగ్ సామాను 36 వేలు, 19 గింజలు. మెషిన్ సర్వీసు, ఆడిట్ ఫీజు, సభ ఖర్చు, విరిగిపోయే పాల నష్టం, మెషిన్ తరుగుదల అన్నీ కలిపి 49 వేలు, 26 గింజలు. పళ్లెంలో 27 మిగిలాయి. తరుగుదల అంటే ఏంటని అడిగారు. లక్షా 20 వేల పాల మెషిన్ ఎనిమిదేళ్లకు పాడైతే కొత్తదానికి అప్పు చేయకుండా ఏడాదికి 15 వేలు పక్కన పెట్టడం అన్నాను. ఆవు ముసలిదయ్యే లోపల దూడను పెంచుకున్నట్టే అని ఒక పెద్దాయన అన్నాడు, నాకు అంతకన్నా బాగా చెప్పడం రాలేదు.

ఒక అవ్వ ఆ 95 గింజల కుప్ప చూసి, "ఇదంతా జీతాలకేనా అబ్బయ్యా?" అంది. సెక్రటరీ మొహం చూడాలి! ఇక్కడ మీరు తడబడకండి. జీతం లీటర్లను బట్టి మారదు, పాలు తగ్గితే ఆ కుప్పే పెద్దదవుతుంది అని చెప్పాలి. మా లెక్కలో రోజుకు సగటున 425 లీటర్లు వస్తేనే ఖర్చులు సరిపోతాయి. ఎండాకాలంలో 410 దగ్గర ఉంటాం కాబట్టి ఆ మూడు నెలలు చేతి నుంచి పడుతుంది, చలికాలం దాన్ని పూడ్చాలి.

అసలు కష్టమైన ప్రశ్న చివర్లో వచ్చింది. "ఆ 27 పైసలు ఇప్పుడే రేటులో కలిపేయొచ్చు కదా, మార్చి దాకా ఎందుకు?" మీ దగ్గరా తప్పకుండా అడుగుతారు. నేను అప్పటికే లెక్క వేసి పెట్టుకున్నాను. వర్షాలు తప్పి పాలు నూటికి పది తగ్గాయనుకోండి, కమీషన్ 28,500 తగ్గుతుంది, ఖర్చు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. 52 వేల మిగులు 23,500 అవుతుంది. అప్పటికే 27 పైసల లెక్కన 46 వేలు పంచేసి ఉంటే, చివర్లో దాదాపు 23 వేలు ఎవరి దగ్గర వసూలు చేస్తాం? పెంచిన రేటు మళ్లీ తగ్గిస్తే మీరే పక్క ప్రైవేటు సెంటర్‌కు పోస్తారు అన్నాను. నవ్వారు గానీ ఒప్పుకున్నారు. అందుకే మిగిలింది ఏడాది చివర్లో బోనస్‌గా, అది కూడా బైలా ప్రకారం రిజర్వు నిధికి పోగా, పోసిన లీటర్లను బట్టి ఇస్తామని తీర్మానం రాశాం.

రెండు చిన్న సంగతులు. సభ పదకొండు గంటలకు పెట్టండి, పొద్దున పాలు పోసి ఇంటికి పోయి రావాలి, సాయంత్రం పాలకు నాలుగుకల్లా వదిలేయాలి. ఇంకోటి, ఆ నాలుగు కాలాల అంకెలను సంఘం గదిలో రేటు చార్టు పక్కనే అంటించండి. మేం అంటించాం, నెలాఖరున వచ్చిన లీటర్లు దాని కింద పెన్నుతో రాస్తాం. మొన్న మే నెలకు 410కి బదులు 385 పడింది. సభలో అరిచిన ఆ మనిషే వచ్చి చూసి, "ఇంక దాణా ఖర్చు చూసుకోవల్లనా" అని గొణుక్కుంటూ పోయాడు.