ఐఈఎల్‌టీఎస్ రైటింగ్: ‘మే’ ఎక్కడ, ‘టెండ్ టు’ ఎక్కడ?

మేడమ్, మాది తాడిపత్రి దగ్గర పల్లె. బీఎస్సీ అగ్రికల్చర్ అయిపోయింది. యూకేలో ఎంఎస్సీకి రైటింగ్‌లో 6.5 అడుగుతున్నారు. మొదటిసారి 6 వచ్చింది. ‘ఆల్’, ‘ఆల్వేస్’ అని మరీ గట్టిగా రాస్తున్నావు, మే, మైట్, టెండ్స్ టు పెట్టు అని కోచింగ్‌లో చెప్పారు. రెండోసారి ప్రతి వాక్యంలో పెట్టినా. మళ్లీ 6. పరీక్షలో రాసినట్టే ఇంట్లో మళ్లీ రాసి రెండు పేరాలు పంపుతున్నా. తప్పు ఎక్కడుంది?
– ఒక విద్యార్థి, అనంతపురం జిల్లా

మీ రెండు పేరాలూ పక్కపక్కన పెట్టుకొని చదివాను. పల్లెల నుంచి పిల్లలు పట్నాలకు పోవడం గురించి రాశారు, మీరు కళ్లారా చూసిన విషయం. మొదటి పేరా ఇలా మొదలైంది: ‘ఆల్ యంగ్ పీపుల్ ఇన్ విలేజెస్ గో టు సిటీస్.’ రెండో పేరాలో అదే మాట ఇలా అయింది: ‘ఇట్ మే సీమ్ దట్ పర్‌హాప్స్ సమ్ యంగ్ పీపుల్ మైట్ టెండ్స్ టు గో టు సిటీస్.’

మొదటిది నిజం కాదు. మీ ఊళ్లోనే చదువుకొని వచ్చి సేద్యం చూసుకుంటున్న పిల్లలు ఉండే ఉంటారు. రెండోది అబద్ధం కాదు గానీ, అందులో చెప్పిందేమీ లేదు. ఒక్క విషయానికి మే, సీమ్, పర్‌హాప్స్, సమ్, మైట్, టెండ్ అని ఆరు పట్టీలు కట్టారు. ఇలా మాటను మెత్తబరచడాన్ని ఇంగ్లీషులో హెడ్జింగ్ అంటారు. హెడ్జ్ అంటే కంచె కదా. చేను చుట్టూ వేయాల్సిన కంచెను మీరు చేనంతా నాటేశారు, పైరుకు చోటు లేకుండా పోయింది.

ఈ పని తెలుగులో మీకు పుట్టుకతో వచ్చు. గట్టు మీద నిలబడి మీ నాయన మబ్బు చూసి ‘వాన వచ్చేటట్టుంది’ అంటాడు. కళ్ల ముందు ఆనవాలు ఉంది కాబట్టి ఆ మాట. ఫోన్‌లో ఎవరో చెప్పింది విన్న మీ అమ్మ ‘రేపు వానంట’ అంటుంది. ఆధారం తనది కాదని ఆ ‘అంట’ చెప్పేస్తుంది. ఏ ఆధారమూ లేని మీరు ‘వస్తుందేమో’ అంటారు. ఏటేటా చూస్తున్నది చెప్పేటప్పుడు ‘ఆగస్టులో వాన మొహం చాటేస్తుంటుంది’ అంటారు. నాలుగు మాటలకూ నాలుగు ముగింపులు, ఒక్కో మాటకు ఒక్కటే. ‘బహుశా వాన వచ్చేటట్టుండొచ్చేమోనంట’ అని ఎవరూ అనరు.

ఇంగ్లీషులోనూ ఇంతే. ‘టెండ్ టు’ అంటే మన ‘పోతుంటారు, చేస్తుంటారు’. మళ్లీ మళ్లీ జరిగేదానికి, ఎక్కువమంది చేసేదానికి వాడాలి. ఒకసారి జరిగిపోయిన సంగతికి అది పనికిరాదు. ‘మే’ అంటే ‘చేయొచ్చు, జరగొచ్చు’. ‘సజెస్ట్’ అంటే మీ నాయన చెప్పిన ‘వచ్చేటట్టుంది’. అందుకే దానికి ముందు మబ్బు లాంటిది ఒకటి ఉండాలి: అంకెలో, సర్వేనో, పంట లెక్కో. ఏమీ చూపించకుండా ‘ఇట్ సజెస్ట్స్’ అంటే దేన్ని చూసి అంటున్నారని చదివేవాళ్లు వెతుక్కుంటారు.

ఇక ‘మే సజెస్ట్’ సంగతి. ‘సజెస్ట్’ అన్నదే ఒక మెత్తని మాట, దాని ముందు ‘మే’ కూడా పెడితే రెండు మెట్లు దిగినట్టు. అంత దిగాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మీరు ఒకే ఊళ్లో ఇరవై మంది రైతులను అడిగారనుకోండి. డ్రిప్ వేసినవాళ్లకు దిగుబడి బాగుందని తేలింది. కానీ డ్రిప్ వేసినవాళ్లకే బోరులో నీళ్లు ఉన్నాయి, పెట్టుబడీ ఉంది. దిగుబడి డ్రిప్ వల్ల పెరిగిందో, నీళ్ల వల్ల పెరిగిందో ఆ ఇరవై మందితో తేలదు. ఆధారం చిన్నది, పైగా దానికి ఇంకో అర్థం కూడా చెప్పుకోవచ్చు. అప్పుడు ‘మే సజెస్ట్’ సరిగ్గా అతుకుతుంది. ఈ రెండూ లేనప్పుడు ‘సజెస్ట్స్’ ఒక్కటి చాలు.

మీ పేరాకు వద్దాం. క్రియను మెత్తబరిచే ముందు ఎవరి గురించి, ఎక్కడ, ఎప్పుడు అన్నది తేల్చుకోండి. నా దగ్గరికి వచ్చే వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే: మాట పరిధి తగ్గించకుండా మాట బలం మాత్రం తగ్గిస్తారు. ‘పల్లెల్లోని కుర్రవాళ్లంతా’ అన్నదాన్ని ‘కరువు ప్రాంతాల కుర్రవాళ్లు’ అని కుదించగానే వాక్యం సగం నిజమవుతుంది. ఆ మిగతా సగానికి ఒక్క ‘టెండ్ టు’ సరిపోతుంది. అలా తిరగరాస్తే:

‘యంగ్ పీపుల్ ఫ్రమ్ డ్రాట్-ప్రోన్ ఏరియాస్ టెండ్ టు లుక్ ఫర్ వర్క్ ఇన్ నియర్‌బై సిటీస్. దిస్ ఈజ్ లార్జ్‌లీ బికాజ్ రెయిన్-ఫెడ్ ఫార్మింగ్ రేర్లీ ప్రొవైడ్స్ వర్క్ త్రూఅవుట్ ద ఇయర్. ఇన్ మై ఓన్ డిస్ట్రిక్ట్, ఫర్ ఇన్‌స్టెన్స్, మెనీ ఫ్యామిలీస్ లీవ్ ఫర్ బెంగళూరు వెన్ ద గ్రౌండ్‌నట్ క్రాప్ ఫెయిల్స్. ఇఫ్ దిస్ కంటిన్యూస్, సమ్ విలేజెస్ మే స్ట్రగుల్ టు ఫైండ్ లేబర్ ఎట్ హార్వెస్ట్.’

మొత్తం పేరాలో ‘మే’ ఒక్కసారే వచ్చింది, అదీ ఇంకా జరగని విషయం దగ్గర. ‘టెండ్ టు’ కూడా ఒక్కటే, అందరికీ వర్తించేలా చెప్పిన మొదటి వాక్యంలో. రెండో వాక్యంలో ‘లార్జ్‌లీ’ అని ఉంది. కారణం ఇదొక్కటే కాదని, ఇదే ముఖ్యమని ఆ ఒక్క మాట చెబుతుంది. మూడో వాక్యం చూడండి. అక్కడ క్రియకు ఏ తొడుగూ లేదు, సూటిగా ‘లీవ్’. చెనిక్కాయ పంట పోయినప్పుడు జనం బెంగళూరు బస్సెక్కడం మీరు చూశారు, చూసినదానికి ‘మే’ ఎందుకు? ‘మెనీ’, ‘వెన్’ అన్న రెండు చిన్న మాటలే ఆ వాక్యాన్ని హద్దులో ఉంచాయి. హెడ్జింగ్ అనగానే మనవాళ్లకు మే, మైట్ మాత్రమే గుర్తొస్తాయి. నిజానికి ఎక్కువ పని చేసేవి మెనీ, మోస్ట్, ఆఫెన్, యూజువల్లీ లాంటివి, ఆ పైన ‘వెన్’, ‘ఇఫ్’తో వచ్చే షరతులు.

మీ రెండో పేరాలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి ఉంది. చివర్లో ‘ఐ మైట్ పార్ట్‌లీ అగ్రీ పర్‌హాప్స్’ అని రాశారు. అక్కడ మాత్రం మెత్తదనం పనికిరాదు. టాస్క్ 2లో మీ అభిప్రాయం ఏమిటో స్పష్టంగా కనిపించాలి. బ్యాండ్ 7 వివరణలో స్పష్టమైన, వివరించి చెప్పిన వైఖరి కావాలని ఉంటుంది. అదే వివరణలో, బ్యాండ్ 7 వ్యాసంలో కూడా విషయాన్ని అతిగా సాధారణీకరించే ధోరణి ఉండొచ్చని రాసి ఉంటుంది. అంటే మీ కోచింగ్ వాళ్లు చెప్పిన సలహాలో తప్పు లేదు, దాన్ని ఎక్కడ వాడాలో చెప్పలేదంతే. లోకం గురించి చెప్పేటప్పుడు తగ్గి చెప్పండి. మీ వైఖరి మాత్రం ‘ఐ అగ్రీ’ అనో ‘ఐ డిసగ్రీ’ అనో నేరుగా చెప్పండి. పూర్తిగా ఒప్పుకోకపోతే ఎంతవరకు ఒప్పుకుంటారో చెప్పండి, అదీ స్పష్టమైన వైఖరే.

టాస్క్ 1 పేరా మీరు పంపలేదు గానీ, ప్రతి వాక్యంలో పెట్టానన్నారు కాబట్టి అక్కడా పెట్టే ఉంటారు. గ్రాఫ్‌లో 2010కి 40 శాతం అని ఉంటే ‘వాజ్ 40 పర్సెంట్’ అనే రాయాలి. ‘మే బీ 40’ అంటే మీకు గ్రాఫ్ చదవడం రాలేదన్నట్టు ఉంటుంది. గీత రెండు అంకెల మధ్య ఉంటే ‘అప్రాక్సిమేట్లీ’, ‘జస్ట్ ఓవర్’ వాడండి, అవి కొలత గురించి చెప్పే మాటలు. ఎందుకు పెరిగిందో ఊహించి ‘దిస్ మే సజెస్ట్ దట్ పీపుల్...’ అని మొదలుపెట్టొద్దు. టాస్క్ 1లో కారణాలు అడగరు. ఒక్క మినహాయింపు ఉంది: ఇంకా రాని సంవత్సరాలకు అంచనాలు ఇస్తే ‘ఈజ్ ప్రొజెక్టెడ్ టు’, ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు’ అనాలి, అక్కడ ఉత్త ‘విల్’ కన్నా అవే మేలు.

వ్యాకరణం దగ్గర ఒక్క మాట. ‘మే’ తర్వాత క్రియకు ఎస్ చేరదు. ‘మే సజెస్ట్స్’ అని ఒకచోట రాశారు, ‘మే సజెస్ట్’ అనాలి. ‘మైట్ టెండ్స్’లోనూ అదే తప్పు. ‘పీపుల్’ బహువచనం కాబట్టి ‘పీపుల్ టెండ్ టు’. కోచింగ్‌లో ‘టెండ్స్ టు’ అని నేర్పితే అది ఏకవచనానికి మాత్రమే. ‘టెండ్ టు’ తర్వాత ‘గోయింగ్’ రాదు, ‘గో’ వస్తుంది. రెండో పేరాలో ఇలాంటివి నాలుగు కనబడ్డాయి, మొదటి పేరాలో ఒక్కటీ లేదు. రైటింగ్‌ను నాలుగు కొలమానాలతో చూస్తారు, అందులో వ్యాకరణం ఒకటి. ఒకచోట సంపాదించిందాన్ని మీరు ఇంకోచోట పోగొట్టుకొని ఉండొచ్చు. మీ 6కు ఇదే కారణమని మాత్రం రెండు పేరాలు చూసి చెప్పలేను. పొందిక, పదసంపద కూడా చూస్తారు, వాటికి పూర్తి వ్యాసం కావాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. టాస్క్ 2కు టాస్క్ 1 కన్నా రెట్టింపు విలువ ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. వారానికి మూడు వ్యాసాలు, ఒక్కోటి 40 నిమిషాల్లో, కనీసం 250 పదాలు. రాసేటప్పుడు హెడ్జింగ్ గురించి ఆలోచించొద్దు. చివరి నాలుగు నిమిషాలు అట్టిపెట్టుకొని, ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులో అనుకోండి. ‘పోతారు’ అని వస్తుందా, ‘పోతుంటారు’ అని వస్తుందా, ‘పోవచ్చు’ అనా? మీ నోటికి ఏది వస్తే ఇంగ్లీషులో దానికి సరిపోయేదొక్కటే ఉంచండి. ‘ఆల్’, ‘ఆల్వేస్’, ‘ఎవ్రీబడీ’, ‘నెవర్’, ‘ప్రూవ్స్’ కనిపిస్తే గీత గీసి, ‘ఒక్కరైనా అలా కానివారు లేరా?’ అని అడగండి. ఉంటే మార్చండి. ఒకే క్రియకు రెండు మెత్తని మాటలుంటే ఒకటి కొట్టేయండి.

ఎంఎస్సీలో చేరాక డిసర్టేషన్‌లో ఇదే పని మీకు మళ్లీ ఎదురవుతుంది. ఫలితాల అధ్యాయంలో కొలిచింది కొలిచినట్టు, జరిగిపోయిన కాలంలో రాస్తారు: ఇన్ని మొక్కలు, ఇంత దిగుబడి. అక్కడ ‘మే’ కనిపిస్తే గైడ్ కొట్టేస్తారు. చర్చ అధ్యాయంలో ఆ అంకెలకు అర్థం చెప్పేటప్పుడు ‘సజెస్ట్స్’, ‘అపియర్స్ టు’ వస్తాయి. అక్కడ అవి లేకపోతే కూడా గైడ్ కొట్టేస్తారు.

మూడోసారి పరీక్షకు ఇప్పుడే డబ్బు కట్టొద్దు. ముందు రెండు పూర్తి వ్యాసాలు, ఒక టాస్క్ 1 పంపండి. పేజీ పక్కన మీరు కొట్టేసిన మాటలు కూడా కనబడేలా ఉంచండి. వాటిని ఎందుకు కొట్టేశారో ఒక్కోదానికి తెలుగులో ఒక ముక్క రాయండి, నేను ముందు అవే చూస్తాను.