కొన్న సబ్‌స్క్రైబర్లతో వెయ్యి దాటితే ఏమవుతుంది?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. యూట్యూబ్‌లో లెక్కల పాఠాలు చెప్పే ఛానెల్ నడుపుతున్నాను. 340 మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. ఇంకో 700 మందిని కొనుక్కుంటే వెయ్యి దాటుతుంది, డబ్బులూ వస్తాయి, రెజ్యూమెలోనూ రాసుకోవచ్చని స్నేహితులు అంటున్నారు. నేను చదువు అయ్యాక సోషల్ మీడియా ఉద్యోగానికి వెళ్దామనుకుంటున్నాను. కొన్నట్టు యూట్యూబ్‌కు నిజంగా తెలిసిపోతుందా సర్?

జవాబు: తెలుస్తుంది. అయితే కొన్న రోజునే తెలియకపోవచ్చు. కొన్ని వారాల తర్వాత బయటపడవచ్చు, లేదా మీరు ఆదాయం కోసం దరఖాస్తు చేసుకుని, ఛానెల్‌ను పరిశీలకులు తెరిచి చూసినప్పుడు బయటపడవచ్చు. ఆలోపు ఏమీ జరగకపోవడం చూసి చాలామంది గండం గడిచిందనుకుంటారు.

ముందుగా మీ స్నేహితుల లెక్కను సరిచేయాలి. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉంటే చాలదు. వారితో పాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ సమయం గానీ, గత 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ ఉండాలి. కృత్రిమంగా వచ్చాయని తేలిన గంటలనూ వ్యూస్‌నూ యూట్యూబ్ ఈ లెక్కలోకి తీసుకోదు. కొన్న 700 ఖాతాలు మీ పాఠాలు చూడవు కాబట్టి వాటివల్ల ఒక్క గంట కూడా పెరగదు. అందుకే సబ్‌స్క్రైబర్లను కొన్నవారు ఆ తర్వాత వ్యూస్ కొనడానికి సిద్ధపడతారు. అసలైన నష్టం మొదలయ్యేది అక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఎనిమిది నిమిషాల పాఠాన్ని 200 మంది సగటున నాలుగు నిమిషాల చొప్పున చూశారనుకోండి. సగం పాఠం వరకు నిలిచారంటే కొత్త ఛానెల్‌కు అది చెప్పుకోదగిన సంగతే. ఇప్పుడు ఆ వీడియోకు 2,000 వ్యూస్ కొన్నారనుకుందాం. అలాంటి వ్యూ ఒక్కొక్కటి 20 సెకన్లు నడిచిందనుకుంటే, మొత్తం 2,200 వ్యూస్‌కు సగటు వీక్షణ సమయం నాలుగు నిమిషాల నుంచి 40 సెకన్లకు పడిపోతుంది. మీకు అదనంగా దక్కిన సమయం దాదాపు 11 గంటలు మాత్రమే, అది కూడా యూట్యూబ్ తీసేయకుండా ఉంచితేనే. నిజమైన ప్రేక్షకుల నాలుగు నిమిషాల లెక్కన 4,000 గంటలకు 60,000 వ్యూస్ సరిపోతాయి. 20 సెకన్ల వ్యూస్‌తో అదే సాధించాలంటే 7,20,000 కావాలి. ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. విద్యార్థులు పాఠంలో ఎక్కడ ఆగిపోతున్నారో చూపే గ్రాఫ్ మొదట్లోనే కుప్పకూలినట్టు కనిపిస్తుంది కాబట్టి, మీ బోధనలో ఏ భాగం బాగుందో, ఏది మార్చుకోవాలో తెలుసుకునే దారి మీకే మూసుకుపోతుంది.

ఇక కనిపెట్టే పద్ధతి సంగతి. సంస్థలు తమ పద్ధతులను పూర్తిగా బయటపెట్టవు గానీ, వాటి వెనుక ఉన్న ఆలోచన పరిశోధన పత్రాల్లో ఉంది. ఫేస్‌బుక్‌లో పేజీ లైకులపై 2013లో వెలువడిన కాపీక్యాచ్ అనే పద్ధతి అందులో ముఖ్యమైనది. అది ఒక్కో ఖాతాను విడిగా చూసి దొంగదా, అసలుదా అని తేల్చడానికి ప్రయత్నించదు; ఒకే ఖాతాల గుంపు, ఒకే పేజీలను, దాదాపు ఒకే సమయంలో మళ్లీ మళ్లీ లైక్ చేస్తోందా అని వెతుకుతుంది. 2014లో వచ్చిన సింక్రోట్రాప్ ఇదే ఆలోచనను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోని ఇతర పనులకూ విస్తరించింది. అమ్మేవారు ఈ వలను తప్పించుకోవడం ఎందుకు కష్టమో కొంచెం ఆలోచిస్తే అర్థమవుతుంది. వారి దగ్గరున్న ఖాతాల సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది. వాటినే వందలాది కొనుగోలుదారులకు తిప్పి తిప్పి వాడకపోతే వారికి లాభం మిగలదు. ఆ తిప్పడమే వలలో కనిపించే గుర్తు. ఖాతాలకు పేర్లు, ఫొటోలు పెట్టి ఎంత సహజంగా అలంకరించినా, మీకు సబ్‌స్క్రైబ్ అయిన 700 ఖాతాలు మీతో ఏ సంబంధమూ లేని మరో రెండు వందల ఛానెళ్లకు కూడా కలిసికట్టుగా వెళ్లిన విషయాన్ని ఏ అలంకరణా దాచలేదు. పైగా గుంపులో ఒక భాగం దొరికితే మిగతాది బయటపడటం సులువు కాబట్టి, ఇంకెవరి కొనుగోలువల్లో దొరికిన ఖాతాలు మీ లెక్కలోంచి కూడా మాయమవుతాయి.

పరిశీలకుడికి యంత్రం సాయం లేకపోయినా తెలిసే గుర్తులు కూడా ఉంటాయి. వెయ్యి దాటిన సబ్‌స్క్రైబర్ల సంఖ్య ఒకవైపు, కొత్త పాఠానికి మునుపటిలాగే వచ్చే యాభై అరవై వ్యూస్ మరోవైపు ఉంటాయి. ఏ వీడియో విడుదలకూ సంబంధం లేకుండా రెండు రోజుల్లో నిటారుగా లేచి, తర్వాత గీత గీసినట్టు ఆగిపోయిన గ్రాఫ్ ఉంటుంది. మీరు చెప్పే భాష రాని దేశాల నుంచి ప్రేక్షకులు వచ్చినట్టు కనిపిస్తుంది. వీటిలో ఏదో ఒకటి సహజంగానూ జరగవచ్చు. అన్నీ ఒకేసారి కనిపిస్తే సందేహానికి చోటుండదు.

పట్టుబడితే శిక్ష ఒకే రకంగా ఉండదు. తేలికైనది, దొంగ సంఖ్యను తీసేయడం. కృత్రిమ ఎంగేజ్‌మెంట్‌ను నిషేధించే నియమం కింద సాధారణంగా మొదట హెచ్చరిక, ఆపై స్ట్రైకులు వస్తాయి; 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్ రద్దవుతుంది. అప్పటికే ప్రకటనల ఆదాయం వస్తుంటే దాన్ని నిలిపివేయవచ్చు లేదా వెనక్కి తీసుకోవచ్చు. మీ తరఫున ఎవరో ఏజెన్సీ చేసిందన్న సంజాయిషీ చెల్లదు, ఎందుకంటే మీరు నియమించుకున్నవారి పనికి బాధ్యత మీదేనని నియమంలోనే ఉంది. ఒకరికొకరు సబ్‌స్క్రైబ్ చేసుకునే ఒప్పందాలు కూడా ఇదే నియమం కిందికి వస్తాయి. ఉచితంగా ఇస్తామంటూ మీ పాస్‌వర్డ్ గానీ, లాగిన్ అనుమతి గానీ అడిగే యాప్‌లయితే మరీ ప్రమాదకరం. అవి మీ ఖాతాతోనే ఇతరులకు లైకులు కొట్టించి, పైన చెప్పిన గుంపులో మిమ్మల్నీ కలిపేస్తాయి.

మీరు కోరుకునే ఉద్యోగం కోణంలో చూస్తే ఈ సలహా మరింత హానికరమైనది. సోషల్ మీడియా ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసే వ్యక్తి రోజూ ఇలాంటి లెక్కలే చూస్తుంటాడు. సబ్‌స్క్రైబర్ల సంఖ్య చూశాక ఆయన వేసే తర్వాతి ప్రశ్న అనలిటిక్స్ చూపించమనే. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ ఫాలోయర్లను అమ్మిన దేవుమీ అనే కంపెనీపై 2019లో చర్య తీసుకుంది. వాణిజ్య ప్రయోజనం కోసం వాటిని తెలిసి కొనడం కూడా అక్కడ 2024 అక్టోబర్ నుంచి నిబంధనల ఉల్లంఘనే. అందుచేత పెద్ద బ్రాండ్ల తరఫున పనిచేసే సంస్థలు ఈ అలవాటున్న వ్యక్తిని తీసుకోవడానికి జంకుతాయి.

ఇప్పటికే కొంత కొని ఉంటే, పడిపోయిన సంఖ్యను పూడ్చడానికి మళ్లీ కొనకండి. పాస్‌వర్డ్ మార్చి, గూగుల్ ఖాతా భద్రతా పేజీలో మీరు అనుమతిచ్చిన బయటి యాప్‌లన్నింటినీ తొలగించండి. నిజమైన గంటలు పోగయ్యే వరకు దరఖాస్తు పెట్టవద్దు. దరఖాస్తు తిరస్కరిస్తే 21 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. మొదటి తిరస్కరణ అయితే 30 రోజుల తర్వాత, ఆపై వాటికి 90 రోజుల తర్వాత మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. ప్రచారం చేసుకోవాలనుంటే యూట్యూబ్ సొంత ప్రకటనల ద్వారా చేసుకోవడం నియమబద్ధమే, కానీ ఆ ప్రకటనల ద్వారా వచ్చిన వీక్షణ గంటలు 4,000లో చేరవని గుర్తుంచుకోండి.

రెజ్యూమెలో 340 అనే సంఖ్యనే రాయండి. దాని పక్కన మీ అత్యుత్తమ పాఠాన్ని చూసినవారు సగటున ఎంత శాతం వరకు నిలిచారో, తిరిగి వచ్చే ప్రేక్షకులు ఎందరో, గ్రాఫ్ చూసి మీరు ఏ పాఠంలో ఏం మార్చారో, ఆ మార్పు తర్వాత సగటు ఎంత కదిలిందో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. ఆ స్క్రీన్‌షాట్లు ఇంటర్వ్యూకు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.