మీరు అంటున్నా ఏకవచనమే వినిపిస్తోందంటే

"బెంగళూరులో పెరిగాను. అత్తగారిని ఎప్పుడూ మీరు అనే అంటాను. అయినా ఏకవచనంలో మాట్లాడుతున్నానని మావారితో అన్నారట. తప్పెక్కడ?"

లోపం క్రియ చివర ఉండొచ్చు. మాటల్లో నువ్వు, మీరు తరచూ వదిలేస్తాం. అప్పుడు మర్యాదంతా క్రియే మోయాలి. "అత్తయ్యా, తిన్నావా?" అన్నప్పుడు నువ్వు అనకపోయినా నువ్వే వినిపిస్తుంది.

1. ఎదురుగా: తిన్నారా, వస్తారా, చెప్పండి. తొందరలో "ఇటు రా అత్తయ్యా" అనేస్తుంటారేమో, "రండి" అనండి.

2. చాలామంది మరిచేది ఇదే: ఆవిడ గురించి వేరేవాళ్లతో చెప్పేటప్పుడు. "అత్తయ్య పడుకుంది" కాదు, "పడుకున్నారు". ఫోన్లో మీ అమ్మతో అన్న మాట పక్కగదిలోకి వినపడుతుంది. ఎదుట బహువచనం, చాటున ఏకవచనం అయితే ఆ మర్యాద నటనలా తోస్తుంది. నా అనుమానం దీని మీదే.

3. ఈ అలవాటు మీ అమ్మ దాకా తీసుకెళ్లకండి. చాలా ఇళ్లలో అమ్మకు నువ్వు అంటే చనువు. ఉన్నట్టుండి "మీరు తిన్నారా" అంటే ఆవిడ అలిగావా అని అడుగుతుంది.

అత్తగారే "నువ్వు అనమ్మా" అంటే అప్పుడు మార్చుకోండి. మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.