ఇంటర్వ్యూ తేదీ మార్చమని రాస్తే గ్రీన్‌కార్డ్ దరఖాస్తు పోతుందా?

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాం. మావారి ఉద్యోగం మీద ఇద్దరం గ్రీన్‌కార్డ్‌కి ఐ-485 వేశాం. ఆగస్టు 20న ఉదయం 10:15కి ఇంటర్వ్యూ అని ఇద్దరికీ నోటీసులు వచ్చాయి. నేను అడ్వాన్స్ పెరోల్ మీద విజయవాడ వచ్చాను. నాన్నగారికి ఆగస్టు 12న బైపాస్. సెప్టెంబరు 18కి గాని తిరిగి వెళ్లలేను. నా హెచ్-4 స్టాంపింగ్ ఎప్పుడో అయిపోయింది. తేదీ మార్చమని ఎలా రాయాలి? రాస్తే కేసు కొట్టేస్తారా?

జవాబు:

రాసినందుకు కేసు కొట్టేయరు. రాయకుండా ఊరుకుంటే కొట్టేస్తారు. మీ విషయంలో ఈ తేడా చాలా పెద్దది కాబట్టి ముందు రూలు ఏం చెబుతుందో చూద్దాం.

అమెరికా ఇమిగ్రేషన్ నిబంధనల్లో 8 సీఎఫ్ఆర్ 103.2(బి)(13) అనేది ఒకటుంది. ఇంటర్వ్యూకి పిలిచిన మనిషి రాకపోతే ఆ దరఖాస్తును వదిలేసుకున్నట్టు లెక్కగట్టి తిరస్కరించాలని అది చెబుతుంది. అయితే అపాయింట్‌మెంట్ సమయానికల్లా తేదీ మార్చమన్న విన్నపం ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి అంది ఉండి, ఆ కారణం సరైనదేనని వాళ్లకు అనిపిస్తే, రాకపోవడాన్ని మన్నించవచ్చు. ఇక్కడ చూసేది ఉత్తరం వాళ్లకు ఎప్పుడు అందిందన్నది. మీరు పోస్టు చేసిన తేదీ లెక్కలోకి రాదు. ఆగస్టు 18న విజయవాడలో కొరియర్ చేశానని తర్వాత ఎంత మొత్తుకున్నా, 20న ఉదయం 10:15కి అది వాళ్ల ఆఫీసులో లేకపోతే రూలు మీ వైపు ఉండదు.

ఆ తేదీ దాటాక పరిస్థితి ఎలా మారుతుందో చాలామందికి తెలియదు. వదిలేసుకున్నారని తిరస్కరించిన కేసుకు అప్పీలు లేదు. 30 రోజుల్లో ఐ-290బి ఫారంతో కేసు తిరిగి తెరవమని అడగవచ్చు గానీ, దానికి నిబంధనల్లో రాసిపెట్టిన కారణాలు చాలా తక్కువ: అడిగిన ఆధారం అసలు అవసరమే లేనిదని, లేదా చెప్పినట్టు గడువులోనే చేశామని, లేదా నోటీసు తప్పు అడ్రసుకు పంపారని చూపించాలి. నాన్నగారి ఆపరేషన్ ఆ జాబితాలో లేదు. ఆగస్టు 20కి ముందు మంచి కారణంగా నిలబడే ఆపరేషన్, ఆ తర్వాత మీ చేతిలో హక్కుగా వాడుకోగల కారణం కాదు. వాళ్లంతట వాళ్లు దయతలచి తెరిస్తే తెరవాలి.

తిరస్కరణ అంటే మళ్లీ ఫీజు కట్టి వేసుకోవడమేగా అనుకోకండి. మీరు దేశం బయట ఉన్నారు. అడ్వాన్స్ పెరోల్ మీ ఐ-485 మీద ఆధారపడిన కాగితం. ఐ-485 పోతే ఆ కాగితం మీద తిరిగి అడుగుపెట్టడం కుదరదు. మీకు చెల్లే హెచ్-4 వీసా కూడా లేదు కనుక, మళ్లీ స్టాంపింగ్‌కి కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం ఇక్కడే ఎదురుచూడాల్సి వస్తుంది. వర్క్ పర్మిట్ ఉంటే అదీ పోతుంది. ఇప్పుడున్న విధానం ప్రకారం మెడికల్ ఫారం ఐ-693 కూడా ఆ దరఖాస్తు నడిచినంత కాలమే చెల్లుతుంది. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, భారతీయుల కేటగిరీలో గ్రీన్‌కార్డ్ వంతు డేట్లు వెనక్కి పోయి ఉంటే కొత్తగా ఐ-485 వేయడానికే వీలుండదు.

అదే తేదీ మారి, ఈలోగా డేట్లు వెనక్కి పోయాయనుకోండి. అప్పుడు మీ ఐ-485 పెండింగ్‌లో ఉంటుంది, పెరోల్, వర్క్ పర్మిట్ నిలుస్తాయి. ఆలస్యం అవుతుంది, అంతే. అందుకే ఆలస్యానికి భయపడి రాయడం మానేయవద్దు.

ఇక చేయాల్సింది. మీ ఐ-485 మీద లాయరు మీ తరఫున వ్యవహరిస్తానని జీ-28 ఫారం వేసి ఉంటే, సాధారణంగా అది మీవారి కంపెనీ లాయరు, ముందు ఆయనకు ఇవాళే మెయిల్ పెట్టండి. ఆయన పంపినా ఉత్తరం మీ సంతకంతోనే వెళ్లడం మంచిది. మీవారు మీ తరఫున సంతకం పెట్టకూడదు. మీరు పెన్నుతో సంతకం చేసి స్కాన్ చేసి పంపండి, మీవారు డల్లాస్‌లో ప్రింట్ తీసి అక్కడినుంచే పంపుతారు. ఇండియా నుంచి కొరియర్ చేసి రోజులు పోగొట్టుకోవద్దు. నోటీసు మీద ఏ ఆఫీసు అడ్రసు ఉందో దానికే, డెలివరీ దగ్గర సంతకం తీసుకునే పద్ధతిలో పంపాలి. దరఖాస్తు వేసిన లాక్‌బాక్స్ అడ్రసుకు పంపితే అది ఫైలు దగ్గరికి చేరేసరికి తేదీ దాటిపోతుంది.

ఉత్తరం ఇంగ్లీషులో, ఒక్క పేజీ దాటకుండా ఉండాలి. పైన మీ పూర్తి పేరు, ఏ-నంబరు, ఐ-485 రసీదు నంబరు, నోటీసు తేదీ, ఇంటర్వ్యూ తేదీ, సమయం, ఆఫీసు పేరు రాయండి. మొదటి వాక్యంలోనే విషయం చెప్పేయాలి. మీ ఉత్తరం సారాంశం ఇలా ఉంటే చాలు:

“ఆగస్టు 20 ఉదయం 10:15కి ఉన్న నా ఇంటర్వ్యూను మరో తేదీకి మార్చవలసిందిగా కోరుతున్నాను. నా దరఖాస్తును కొనసాగించాలన్నదే నా ఉద్దేశం. అడ్వాన్స్ పెరోల్ మీద ఇండియాకు వచ్చాను. మా నాన్నగారికి ఆగస్టు 12న విజయవాడలో గుండెకు బైపాస్ ఆపరేషన్ జరుగుతుంది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆయన్ను దగ్గరుండి చూసుకోవలసింది నేనే. సెప్టెంబరు 18న డల్లాస్ చేరుతున్నాను. సెప్టెంబరు 22 తర్వాత ఏ రోజు పిలిచినా వస్తాను. నా భర్త, ప్రధాన దరఖాస్తుదారు, ఆగస్టు 20న హాజరవుతారు. నోటీసు కాపీ, ఆసుపత్రి లెటర్, తిరుగు టికెట్ జతచేస్తున్నాను.”

ఇందులో రెండు విషయాలు కావాలనే పెట్టాను. దరఖాస్తు కొనసాగించాలన్న మాట తప్పకుండా ఉండాలి. క్యాన్సిల్, విత్‌డ్రా లాంటి మాటలు ఎక్కడా రాయకండి. దరఖాస్తును ఉపసంహరించుకుంటే దాన్ని మళ్లీ వెనక్కి తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. తేదీ మార్చమని అడగబోయి “ప్లీజ్ క్యాన్సిల్” అని రాసి, అది అపాయింట్‌మెంట్ గురించా దరఖాస్తు గురించా అన్న అనుమానం ఆఫీసర్‌కి మిగల్చకూడదు. రెండోది, ఫలానా తేదీయే కావాలని పట్టుబట్టవద్దు. ఎప్పటినుంచి అందుబాటులో ఉంటారో చెప్పండి, కానీ ఆ తేదీకి నిజంగా రాగలగాలి. ప్రయాణం ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేకుండా నాలుగు రోజులు ఎడం పెట్టింది అందుకే. రెండోసారి మార్చమంటే మీ కారణాన్ని అంత సానుభూతితో చూడరు.

ఆసుపత్రి లెటర్ విషయంలో కాస్త పట్టుదలగా ఉండండి. ‘పేషెంట్ అండర్ ట్రీట్‌మెంట్’ అని ఒక్క ముక్క రాసి స్టాంపు వేసి ఇస్తారు, అది పనికిరాదు. లెటర్‌హెడ్ మీద నాన్నగారి పేరు, ఆపరేషన్ ఏమిటి, తేదీ, ఆ తర్వాత ఎన్ని వారాలు మనిషి తోడు కావాలి, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆయన మీ తండ్రి అని చూపడానికి మీ పాస్‌పోర్ట్‌లో తండ్రి పేరున్న పేజీ కాపీ చాలు. తెలుగులో ఉన్న కాగితం ఏది పెట్టినా పూర్తి ఇంగ్లీషు అనువాదం, దానితోపాటు అనువాదం పూర్తిగా సరిగ్గా ఉందని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడు సంతకం చేసిన ధ్రువీకరణ ఉండాలి. నోటరీ అక్కర్లేదు.

ఉత్తరం ఒక్కదాని మీదే ఆధారపడవద్దు. యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కి కూడా ఫోన్ చేయండి. అమెరికాలో ఉన్నవాళ్లకు 1-800-375-5283, బయటినుంచి చేసేవాళ్లకు +1-212-620-3418. వారంలో సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఈస్టర్న్ టైమ్ ఉదయం 8కి మనుషులు లైన్లోకి వస్తారు. ఆగస్టులో అది మనకు సాయంత్రం 5:30. కేసు మీది కాబట్టి మీరే మాట్లాడాలి. మీవారు మాట్లాడితే వివరాలు చెప్పకపోవచ్చు. తేదీ మార్చమని సర్వీస్ రిక్వెస్ట్ పెట్టించి ఆ నంబరు రాసుకోండి. ఏ రోజు, ఏ టైముకి మాట్లాడారో కూడా రాసుకోండి. ఆ నంబరు, కొరియర్ డెలివరీ రసీదు, మీరు పంపిన ఉత్తరం కాపీ, ఈ మూడూ కలిసి మీ విన్నపం గడువులోపే వాళ్లకు అందిందని రుజువు చేస్తాయి. పొరపాటున తిరస్కరణ వచ్చినా, దాన్ని తిరగతోడించడానికి మీకు మిగిలే బలం ఈ కాగితాలే.

ఇప్పుడు అందరికీ వచ్చే టెన్షన్: 19వ తేదీ దాకా ఏ జవాబూ రాకపోతే? చాలాసార్లు రాదు. ఉత్తరం అందినంత మాత్రాన తేదీ మారినట్టు కాదు. ఇంటర్వ్యూ రద్దయిందని ఆన్‌లైన్‌లో మీ కేసు స్టేటస్ చూపినా, రద్దు నోటీసు వచ్చినా, కొత్త నోటీసు వచ్చినా అప్పుడు మారినట్టు. స్టేటస్ రోజూ చూడండి. ఏమీ రాకపోతే మీవారు తన నోటీసు ప్రకారం 20న వెళ్లాలి. మీ ఇద్దరివీ వేర్వేరు దరఖాస్తులు. ఆయన రావడం మానేస్తే పోయేది ఆయన కేసు, ఆయనది పోతే ఆయన మీద ఆధారపడ్డ మీదీ పోతుంది. ఇద్దరం కలిసే వెళ్దామని ఆయన తేదీ కూడా మార్పించాలన్న ఆలోచన నాకు నచ్చదు. ఆయన రాగలిగిన స్థితిలో ఉన్నారు, రాకపోవడానికి కారణం చూపలేరు. వెళ్లినప్పుడు మీ ఉత్తరం, రసీదు, ఆసుపత్రి లెటర్ కాపీల సెట్ ఒకటి ఆఫీసర్ చేతికి ఇచ్చి, నా భార్య ఇంటర్వ్యూ మరో రోజుకి మార్చమని ముందే అడిగాం అని చెప్పి, ఫైలులో పెట్టమని కోరాలి. పెళ్లి గురించి మీ ఇద్దర్నీ కలిపి అడగాలని ఆఫీసర్ అనుకుంటే ఆయన కేసును కూడా ఆపి ఉంచవచ్చు. అది తిరస్కరణ కాదు.

అడ్వాన్స్ పెరోల్ మీద ఉన్న గడువు తేదీ ఒకసారి చూసుకోండి. కొత్త ఇంటర్వ్యూ ఎప్పుడు పడినా ఆ గడువులోపు మీరు అమెరికా చేరాలి. సెప్టెంబరు 18 టికెట్ మార్చాల్సి వస్తే ఆ గడువును బట్టే మార్చండి.

మరో మాట. ఈ మధ్యలో వేలిముద్రలకు, అంటే బయోమెట్రిక్స్‌కి, నోటీసు వస్తే ఈ ఉత్తరం పద్ధతి దానికి పనిచేయదు. దాని తేదీ మార్పును పోస్టులో తీసుకోరు. యూఎస్‌సీఐఎస్ ఆన్‌లైన్ అకౌంట్‌లోనే, అపాయింట్‌మెంట్‌కి కనీసం 12 గంటల ముందు మార్చుకోవాలి. అదీ రెండుసార్లకు మించి ఆన్‌లైన్‌లో కుదరదు. ఆ సమయం దాటితే కాంటాక్ట్ సెంటర్‌కి ఫోన్ చేయడం ఒక్కటే దారి. మీవారు రోజూ పోస్ట్‌బాక్స్ చూసి, మీ పేరు మీద ఏ కవరు వచ్చినా ఆ రోజే తెరిచి ఫొటో పంపేలా మాట్లాడుకోండి.