ఆ ఒక స్టార్ రివ్యూకి జవాబు రాసే ముందు

అమ్మలూ,

నువ్వు నిన్న రాత్రి పంపిన రివ్యూ, దానికి నువ్వు రాసి పెట్టుకున్న జవాబు రెండూ చదివాను. ఆ జవాబు ఇంకా పోస్ట్ చేయలేదన్నావు చూడు, అది చాలా మంచి పని చేశావు. ముందు ఈ ఉత్తరం చదువు, తర్వాత దాన్ని చెరిపేద్దువుగాని.

ఆవిడ రాసింది మళ్ళీ ఒకసారి చూద్దాం. "గద్వాల్ పట్టు అని ఫోటో పెట్టి కాటన్ చీర పంపారు. దారం తీసి కాల్చి చూశాను, కాగితంలా కాలింది. మరమగ్గం చీర. పచ్చి మోసం, ఎవరూ కొనకండి." నీకు ‘మోసం’ అనే మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి. నీ జవాబంతా ఆ ఒక్క మాటకే. "వివరాల్లో బాడీ కాటన్ అని స్పష్టంగా రాశాం మేడమ్, చదవకుండా ఆర్డర్ పెట్టి మాకు చెడ్డపేరు తేవడం న్యాయం కాదు" అన్నావు. అబద్ధం ఏమీ లేదు అందులో. కానీ ఆవిడ అసలు చెప్పిన సంగతులు రెండు, తిట్టును పక్కన పెడితే. ఒకటి, చీర పట్టు కాదు. రెండు, అది చేనేత కాదు. ఈ రెండింటినీ విడివిడిగా తూచాలి. ఎందుకంటే మొదటిది నిజం, రెండోది కాదు.

మొదటిది నిజమా కాదా అని నేను ఎలా చూశానో చెప్తాను. నా ఫోనులో మీ పేజీ తెరిచాను, కొనేవాళ్ళు తెరిచినట్టే. పైన పెద్ద అక్షరాల్లో ‘గద్వాల్ పట్టు చీర, జరీ అంచు’ అని ఉంది. మొదటి ఫోటో కొంగు. రెండోది అంచు దగ్గరగా తీసింది. మూడోది మడత పెట్టిన చీర, దాంట్లోనూ అంచే పైకి మెరుస్తోంది. బాడీ ఎక్కడుందీ అని వెతికితే ఐదో ఫోటోలో కనిపించింది. ‘బాడీ కాటన్, అంచు, కొంగు పట్టు’ అని నువ్వు రాసిన ముక్క చూడాలంటే ‘ఇంకా చదవండి’ అన్నది నొక్కి, ఉతికే జాగ్రత్తలు దాటి కిందికి పోవాలి. నాకు గద్వాల చీర అంటే ఏమిటో తెలుసు కాబట్టి వెతికాను. తెలియని మనిషి ఎందుకు వెతుకుతుంది?

మనం ఈ వ్యాపారంలో పుట్టి పెరిగాం. గద్వాల అంటే నూలు బాడీ, పట్టు అంచు, పట్టు కొంగు అని మనకు వేరే చెప్పక్కర్లేదు. పాతకాలం నుంచి ఆ చీర గొప్పతనమే అది, ఒంటికి నూలు చల్లదనం, చూడ్డానికి పట్టు నిండుదనం. కానీ ఇప్పుడు పూర్తి పట్టు గద్వాల కూడా నేస్తున్నారు, సగం పట్టు సగం నూలు కలిపిన సికో కూడా వస్తోంది. మూడూ ఒకే పేరుతో బజార్లో తిరుగుతున్నాయి. అలాంటప్పుడు పేరులో ‘పట్టు’ అని ఒక్క మాట పెడితే కొనేవాళ్ళు పూర్తి పట్టే అనుకుంటారు. ఆవిడ దారం కాల్చిన పద్ధతి కూడా సరైనదే. నూలు కాగితం వాసనతో కాలి మెత్తటి బూడిదవుతుంది, పట్టు అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది. ఆవిడ తొందరపడి రాయలేదమ్మా, పరీక్ష చేసి మరీ రాసింది. నువ్వు కావాలని మోసం చేయలేదని నాకు తెలుసు. అయినా ఆవిడ మోసపోయిన మాట నిజం. నీ జవాబు ఈ సంగతి ఒప్పుకున్న దగ్గర్నుంచే మొదలవ్వాలి.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. నేను ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టిన కొత్తలో ఒకావిడ, ఫోటోలో వంకాయ రంగు, వచ్చింది మెరూన్ అని రాసింది. "అది మీ ఫోన్ స్క్రీన్ తేడా" అని రాసేశాను. తర్వాత నెలల తరబడి, కొత్తగా అడిగే వాళ్ళు రంగు గురించి కాదు, ఆ జవాబు గురించి అడిగేవాళ్ళు. "ఏదైనా తేడా వస్తే మాకూ ఇలాగే చెప్తారా?" అని. రాత్రి బల్బు వెలుతురులో ఫోటో తీసింది నేనే, తప్పు నాదే. ఒక్క వాక్యంలో ఒప్పుకుంటే పోయేది. అప్పటి నుంచి ఒక సంగతి గుర్తుపెట్టుకున్నాను. ఆ జవాబును రివ్యూ రాసినావిడ ఒకసారి చదువుతుంది. చీర కొందామా వద్దా అని ఆలోచించే ప్రతివాళ్ళూ ఆ తర్వాత ఎప్పటికీ చదువుతూనే ఉంటారు.

ఇక వరస. జవాబు కన్నా ముందు లిస్టింగ్ మార్చు. పేరు ‘గద్వాల్ చీర, కాటన్ బాడీ, పట్టు అంచు, పట్టు కొంగు’ అని పెట్టు. మొదటి ఫోటోలో బాడీ, అంచు రెండూ సమానంగా కనిపించాలి, పగటి వెలుతురులో తియ్యి. మార్చే ముందు పాత పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకో. ఎందుకంటే రేపు ఆవిడ ‘ఇప్పుడు మార్చేశారు’ అని రాస్తే, అవును, మార్చాం, ముందు ఇలా ఉండేది అని నువ్వే చెప్పగలగాలి. చడీచప్పుడు కాకుండా మార్చేసి, మొదటి నుంచీ ఇలాగే ఉందన్నట్టు జవాబు రాస్తే మాత్రం అప్పుడు అది నిజంగా మోసమే.

రెండోది, డబ్బు వెనక్కివ్వడం గురించి నిర్ణయం జవాబుకు ముందే తీసుకో. రాసిన తర్వాత బేరాలు వద్దు. ‘వాడిన చీర తీసుకోం’ అని మీ షరతుల్లో ఉందని అన్నావు. అది మనసు మార్చుకున్న వాళ్ళకు చెల్లుతుంది. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేనప్పుడు వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్ళు అనకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాల్లోనే ఉంది. ఆవిడ దారం తీసింది, బహుశా ఫాల్ కూడా కుట్టించి ఉంటుంది. అయినా తీసుకో. కొరియర్ ఖర్చు కూడా నువ్వే పెట్టుకో. ఆ చీరను ఉన్న సంగతి చెప్పి తగ్గింపు ధరకు ఇక్కడ కొట్లో అమ్మి పెడతాను.

ఇప్పుడు రెండో ఆరోపణ, మరమగ్గం. ఇది తప్పు, తప్పని చెప్పాలి కూడా, ఎందుకంటే అది నీ ఒక్కదాని పేరు కాదు, నేసిన ఇంటి కష్టం. కానీ చెప్పే చోటు చివర, చెప్పే కొలత ఒక్క వాక్యం. మొదట్లో పెడితే, తప్పును వాదనతో కప్పుతున్నావు అనిపిస్తుంది. ‘మాది అసలైన చేనేత, తరతరాల నైపుణ్యం’ లాంటి మాటలు వద్దు, చూపించు. చీర తిరగేస్తే నూలు బాడీ, పట్టు అంచు కలిసే గీత దగ్గర రెండు దారాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కదా, మూడు నాడెలతో నేసినప్పుడు పడే కుట్టు, అది దగ్గరగా ఫోటో తియ్యి. అంచు పక్కన, బట్ట వెడల్పు నిలవడానికి పెట్టే కర్ర ముళ్ళ సన్నటి గుర్తులు కూడా కనిపించేలా తీస్తే ఇంకా మంచిది. మనం చీర కొన్న చేనేత సొసైటీ బిల్లు ఉంది, దాన్ని మాత్రం బయట పెట్టకు. ఆవిడ అడిగితే విడిగా చూపించు.

ఇదంతా అయ్యాక నేనైతే ఇలా రాస్తాను. మాటలు నీకు అలవాటైనట్టు మార్చుకో, వరస మాత్రం మార్చకు.

"నమస్తే మేడమ్. మీరు పట్టు చీర అనుకుని తెప్పించుకున్నారు, అందింది కాటన్ బాడీ చీర. పొరపాటు మాది. పేరులో ‘పట్టు’ అని పెట్టి, పట్టు అంచుకు, కొంగుకు మాత్రమేనన్న సంగతి కింద ఎక్కడో రాశాం. మొదటి ఫోటో కూడా కొంగుదే పెట్టాం. క్షమించండి. ఈ రోజు పేరు, ఫోటోలు మార్చాం. చీర వెనక్కి తీసుకుని, కొరియర్‌తో సహా మీ డబ్బు మొత్తం ఇస్తాం. ఫాల్ కుట్టించినా, దారం తీసినా ఇబ్బంది లేదు. మీ ఆర్డర్ మెసేజ్‌లో పికప్ వివరాలు పంపాం. చీర మాత్రం చేనేతదే, బాడీకి అంచుకు కలిపిన కుట్టు ఫోటో ఇప్పుడు పేజీలో ఉంచాం."

చూశావా, ఇందులో ‘మీకు అలా అనిపించి ఉంటే’ అన్న మాట లేదు. ఆ ‘ఉంటే’ ఒక్కటి చాలు క్షమాపణ మొత్తం వెనక్కి తీసుకున్నట్టవుతుంది. ఆవిడ పేరు, ఊరు, ఆర్డర్ నంబరు లేవు. ఆవిడ దగ్గర ఉన్నది నీ కొట్టు పేరు, నీ దగ్గర ఉన్నది ఆవిడ ఇంటి అడ్రసు. అవి రెండూ సమానం కావు. ‘రివ్యూ మార్చండి’ అన్న మనవి కూడా లేదు, విడిగా పంపే మెసేజ్‌లో కూడా ఆ మాట పెట్టకు. డబ్బు వెనక్కివ్వడానికీ రివ్యూ తీయడానికీ ముడిపెట్టావంటే, ఆవిడ ఆ మెసేజ్‌నే ఫోటో తీసి మళ్ళీ పెడుతుంది. మీ చెల్లి ఐదు స్టార్ల రివ్యూలు నాలుగు కొట్టిస్తానన్నదట కదా, వద్దని చెప్పు. అమ్మేవాళ్ళు కొన్నవాళ్ళలా రివ్యూలు రాయకూడదని ఇందాక చెప్పిన నియమాల్లోనే ఉంది. పైగా ఒకే రాత్రి నాలుగు పొగడ్తలు వచ్చి పడితే ఎవరికైనా తెలిసిపోతుంది.

జవాబు ఈ రోజే వెళ్ళాలి, కానీ టెన్షన్ తగ్గాక. ముందు పికప్ మెసేజ్ పంపు, తర్వాతే ‘పంపాం’ అని రాయి. ఆవిడ మళ్ళీ కోపంగా ఏమైనా రాస్తే, కొత్త సంగతి ఉంటేనే ఒక్కసారి జవాబివ్వు. అవే తిట్లు అయితే ఊరుకో. డబ్బు ఆవిడ ఖాతాలో పడ్డాక, కింద ఒక్క ముక్క చేర్చే వీలుంటే తేదీతో ‘రీఫండ్ పూర్తయింది’ అని చేర్చు, అంతే.

ఇంకొకటి. ఇదే పేరుతో మీ పేజీలో మరో ఆరు చీరలు చూశాను, అన్నీ కాటన్ బాడీవే. వాటి పేర్లు కూడా ఈ పూటే మార్చు. అవి ఇంతకుముందు కొని ఏమీ అనని వాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క తీసి పెట్టు. వాళ్ళకూ బాడీ కాటన్ అని చెప్పి, కావాలంటే వెనక్కి తీసుకుంటామని మెసేజ్ పంపాలి. ఎంత డబ్బు పట్టుకోవాల్సి వస్తుందో ఆదివారం మీ ఇంటికొచ్చినప్పుడు కూర్చుని చూద్దాం, సరిపోకపోతే నేను సర్దుతాను.

మీ పెద్దమ్మ