నీలగిరి చెట్టు, వీధిపోటు ప్లాటు

"పదో తరగతిలో నేర్చుకున్న ఎత్తులు, దూరాలు లెక్కలు మీకు నిజ జీవితంలో ఎప్పుడైనా పనికొచ్చాయా?"

ఒకసారి పనికొచ్చాయి. అయితే పుస్తకంలో ఉన్నట్టు మాత్రం కాదు.

మల్కాజిగిరి వైపు మా ఇల్లు. పక్కన 267 గజాల ఖాళీ ప్లాటు, అంటే 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. ఎదురుగా ఉన్న వీధి నేరుగా వచ్చి దానికే తగులుతుంది. వీధిపోటు అని ఎవరూ కొనలేదు, ఓనరు ఎక్కడో విదేశాల్లో ఉంటాడు, గేటుకి తాళం. అందులో ఒక నీలగిరి చెట్టు నిలువునా ఎండిపోయి మా ఇంటి వైపు కాస్త ఒరిగింది. గాలివాన వచ్చిన రాత్రి మాకు నిద్ర ఉండేది కాదు.

కాలనీ ప్రెసిడెంట్ గారికి చెబితే రోడ్డు మీద నుంచే తలెత్తి చూసి, "ముప్పై అడుగులు కూడా ఉండదు మేడం, పడినా ప్లాట్లోనే పడుతుంది" అన్నారు. ప్రైవేటు స్థలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలన్నారు. ఆ దరఖాస్తు మీద కాలనీ తరఫున సంతకం పెట్టాల్సింది ఆయనే. (ఇలాంటి సంతకాలకి నెలలు పడుతుంది. పండగ చందా రసీదు మీద మాత్రం అరగంటలో పడుతుంది.)

సరే, కొలుద్దామన్నాను మా అమ్మాయితో. అది అప్పుడు టెన్త్. కోణమానిని చదునుగా ఉన్న అంచుకి స్ట్రా అతికించి, మధ్య చుక్క దగ్గర దారం కట్టి, చివర ఒక నట్టు వేలాడదీసింది. స్ట్రాలోంచి చెట్టు కొస చూస్తే దారం ఒక అంకె మీద ఆగుతుంది. మొదటిసారి 55 మీద ఆగింది. "ఊర్ధ్వకోణం 55, అమ్మా" అని రాసేసుకుంది. కాదు. స్ట్రాని అడ్డంగా, సమంగా పట్టుకుంటే దారం 90 మీద ఉంటుంది. కాబట్టి 90 లోంచి తీసేయాలి, కోణం 35. పుస్తకంలో కోణం ఇచ్చేస్తారు కాబట్టి, దాన్ని ఎలా చదవాలో పిల్లలకి తెలియదు.

మామూలుగా అయితే చెట్టు మొదలు దాకా దూరం కొలిచి, దాన్ని tan 35° తో గుణిస్తే అయిపోయేది. కానీ గేటుకి తాళం. అలాంటప్పుడు రెండు చోట్ల నుంచి చూడాలి. ఆ వీధిపోటు మాకు ఇక్కడ కలిసొచ్చింది. చెట్టుకి ఎదురుగా చదునైన, తిన్నని రోడ్డు దొరికింది.

మా అమ్మాయి పుస్తకం తీరులో మూడు మీటర్లు ముందుకి నడిచి మళ్ళీ చూసింది. దానికి 38 వచ్చింది, నాకు 39. ఒక్క డిగ్రీయే కదా అనుకున్నాం. లెక్క కడితే దాని ప్రకారం చెట్టు 71 అడుగులు, నా ప్రకారం 55. తల్లీకూతుళ్ళ మధ్య పదహారు అడుగుల తేడా! వెంటనే మొదలు, నువ్వు దారం ఊపావంటే నువ్వు ఊపావని.

తప్పు దారానిది కాదు. మూడు మీటర్లు నడిస్తే కోణం మారేదే మూడు, నాలుగు డిగ్రీలు. అందులో ఒక డిగ్రీ పొరపాటంటే పావు వంతు పొరపాటు. చేతిలో పట్టుకున్న కోణమానినితో ఒక డిగ్రీ అటూ ఇటూ తప్పదు. మార్చుకోగలిగింది నడిచే దూరం ఒక్కటే. అందుకే ఐదు మీటర్ల టేపు రెండుసార్లు పరిచి, మొదటి చోటు నుంచి పది మీటర్లు ముందుకెళ్ళాం. అక్కడికి వీధి మొదలు వచ్చేసింది. ఈసారి కోణం 50.

ఇక లెక్క. కంటి మట్టం పైన చెట్టు ఎత్తు h అనుకోండి.

```
దూరం చోటు నుంచి:  h / tan 35° = 1.428 h
దగ్గర చోటు నుంచి:  h / tan 50° = 0.839 h
తేడా:  0.589 h = 10 మీ.
h = 17 మీ. (సుమారు)
```

దీనికి మా అమ్మాయి కంటి ఎత్తు 1.4 మీటర్లు కలపాలి. మొత్తం 18.4 మీటర్లు, అంటే 60 అడుగులు. "పరిశీలకుని ఎత్తును లెక్కలోకి తీసుకోవద్దు" అని పుస్తకంలో రాస్తారు చూడండి, ఇక్కడ అది నాలుగున్నర అడుగులు. రెండో కోణంలో ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా జవాబు 58కీ 63కీ మధ్యే ఉంటుంది. ఇంతకుముందు ఒక డిగ్రీకే పదహారు అడుగులు పోయింది!

నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. చెట్టు ప్లాట్లో సరిగ్గా ఎక్కడుందో తెలుసుకోవాల్సిన పనే లేకపోయింది. ప్లాటు వెడల్పే 40 అడుగులు, చెట్టు 60. ఏ మూలనున్నా, మా వైపు మొదలంటా పడితే మా గోడ దాటి తీరుతుంది. ఈ ఒక్క ముక్కా, బొమ్మా వేసిన కాగితం తీసుకెళ్ళి ప్రెసిడెంట్ గారి ముందు పెట్టాం. ఆయన √3 ఎక్కడుందని వెతికారు. నిజంగా! 30, 45, 60 తప్ప వేరే కోణాలు లోకంలో ఉంటాయని మన చదువులు చెప్పవు మరి. నా ఉద్దేశంలో పదో తరగతిలో √3 లెక్కలు ఇరవై తీసేసి ఒక్కసారి ఆరుబయట కొలిపిస్తే చాలు. ఏ స్కూలూ చేయదు, ఎండలో పిల్లలు నల్లబడతారని తల్లిదండ్రులే గొడవకొస్తారు.

సంతకం పడింది, అనుమతీ వచ్చింది. ఓనరు తరఫు మనిషి వచ్చి తాళం తీశాడు.

చెట్టు కొట్టడానికి వచ్చిన పెద్దాయన తాడు ఎంత కావాలో చూసుకోవాలన్నాడు. మా కాగితం చూపించబోయాను, పట్టించుకోలేదు. ఒక పుల్ల తీసుకుని తన కంటి నుంచి పిడికిలి దాకా ఎంతుందో అంతకి విరిచాడు. చెయ్యి చాపి పుల్లని నిలువుగా పట్టుకుని, వీధిలోకి వెనక్కి వెనక్కి నడిచాడు. పుల్ల కింది కొస చెట్టు మొదలుకీ, పై కొస చెట్టు కొసకీ సరిపోయే చోట ఆగాడు. అక్కడి నుంచి చెట్టు దాకా అంగలు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. "అరవై అడుగులుంటదమ్మా" అన్నాడు.

పుల్ల, చెయ్యి సమానం కాబట్టి చెట్టు ఎత్తూ, తను నిలబడ్డ దూరమూ సమానం. రెండూ సరూప త్రిభుజాలే. కంటి ఎత్తు కలపక్కర్లేదు, ఎందుకంటే ఆయన చూసింది మొదలు నుంచే. మేము ఒక సాయంత్రమంతా చేసింది ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశాడు. కాకపోతే ఆయనకి గేటు తెరిచి ఉంది. తాళం ఉంటే ఆ పుల్ల పని చేయదని నేను ఇప్పటికీ వాదిస్తాను.

మా ఇంటి వైపు నుంచి ఎందుకు చూడలేదని మా అమ్మాయి ఆయన్ని అడిగింది.

"అటు ఒరిగింది కద బిడ్డా. ఒరిగిన దిక్కు నుంచి చూస్తే కొస దగ్గరకొచ్చి చెట్టు ఎక్కువ కొడ్తది. పక్క నుంచి చూడాలె."

కొట్టిన ముక్కలన్నీ టేపుతో కొలిస్తే 56 అడుగులు. మొద్దు రెండడుగులు వదిలేశారు. కొస రెమ్మల్ని ఎవరో పొయ్యిలోకని అప్పటికే పట్టుకుపోయారు.