కొత్త భాగస్వామికి 40 శాతం: ముందు ఆర్టికల్స్, తర్వాతే షేర్లు

ప్రశ్న: భీమవరంలో రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి రెండేళ్లయింది. 12,000 షేర్లలో 11,900 నావి, 100 అమ్మవి. నా చిన్ననాటి స్నేహితుడు మూడు నెలల క్రితం బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి చేరాడు. రమ్మన్నప్పుడు "40 శాతం నీదేరా" అని వాట్సాప్‌లో రాశాను. ఇప్పుడు నాలుగేళ్ల వెస్టింగ్, అంటే పనిచేసిన కాలాన్ని బట్టి షేర్లు కొద్దికొద్దిగా ఖాయమయ్యే షరతు, పెట్టి ప్రతిపాదన రాసిస్తే "నన్ను నమ్మవా?" అని మాట్లాడటం మానేశాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. షేర్లు ఇప్పుడే బదిలీ చేసేసి, తేదీ వేయని ట్రాన్స్‌ఫర్ ఫారం మీద అతని సంతకం తీసుకుని దాచుకోమని ఒకరు చెప్పారు. చేయవచ్చా?

జవాబు: స్నేహం సంగతి పక్కన పెడదాం. మీ కేసును తేల్చేది ఒక్కటే: ఆ 4,800 షేర్లు ఇంకా మీ పేరునే ఉన్నాయి. సభ్యుల రిజిస్టరులో అవి అతని పేరుకి ఎక్కిన మరుక్షణం అతనికి 40 శాతం ఓట్లు వస్తాయి. కంపెనీ సొంత నియమావళి అయిన ఆర్టికల్స్‌ను మార్చే ప్రత్యేక తీర్మానానికి పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు కావాలి. ఇవాళ మీరూ అమ్మగారూ కూర్చుంటే ఆ పని అయిపోతుంది. బదిలీ తర్వాత అతను కాదంటే మీ 60 శాతంతో ఏమీ చేయలేరు.

ఆర్టికల్స్ దాకా ఎందుకంటే, ప్రైవేట్ కంపెనీ షేర్ల బదిలీపై ఆంక్ష ఆర్టికల్స్‌లో లేకపోతే అది కంపెనీనీ సభ్యులనూ కట్టిపడేయదని వి.బి. రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ప్రతిపాదన కాగితం మీదే ఉండిపోతే రేపు అతను వెళ్లిపోయే రోజున అది మిమ్మల్ని ఆదుకోదు.

ఖాళీ ఫారం మాట మళ్లీ ఎత్తకండి. షేర్ల బదిలీ ఫారం ఎస్‌హెచ్-4 సంతకమైన తేదీ నుంచి 60 రోజుల్లో కంపెనీకి చేరాలి. రెండేళ్ల తర్వాత మీకు నచ్చిన తేదీ వేసి వాడితే, ఆ రోజు ఊళ్లోనే లేనని అతను ఒక్క రైలు టికెట్ చూపిస్తే చాలు. షేర్లు రావడం అటుంచి ఫోర్జరీ కేసు నెత్తిన పడుతుంది.

ఆ వాట్సాప్ మెసేజ్ మాత్రం పూర్తిగా మీ అజాగ్రత్తే. ఒక్క షరతూ లేదు, అది నమ్మి అతను ఉద్యోగం వదిలాడు. దాన్ని అమలు చేయించమని అతను దావా వేయవచ్చు. అమలుకు తేదీ అనుకోలేదు కాబట్టి, మీరు నిరాకరించారని అతనికి తెలిసిన రోజు నుంచి 3 ఏళ్ల గడువు ఉంటుంది. అందుకే "40 శాతం ఇవ్వను" అని పొరపాటున కూడా రాయకండి. చాట్ డిలీట్ చేయకండి, అతని ఫోన్లో ఎలాగూ ఉంటుంది. పైగా వెస్టింగ్‌కు సరేనన్న మాట అతని జవాబుల్లో ఎక్కడైనా ఉంటే అది మీకే సాక్ష్యం. కోర్టులో దానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి, కాబట్టి ఆ ఫోన్ అమ్మేయకండి.

ప్రతిపాదనను తిరగరాయండి. మొదటి వాక్యం ఇలా ఉండాలి: "వాట్సాప్‌లో నేను రాసిన 40 శాతం మాట స్థానంలో ఈ ఒప్పందం అమల్లోకి వస్తుంది, నువ్వు చేరిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది." గడిచిన మూడు నెలలు అతనికి కలిసొస్తాయి. 4,800 షేర్లూ అతని పేరుకే వస్తాయి, 48 నెలల్లో నెలకు 100 చొప్పున ఖాయమవుతాయి. ఏడాది నిండక ముందే తనంతట తాను వెళ్లిపోతే ఏమీ మిగలవు, నిండిన రోజున 1,200 ఒకేసారి ఖాయం. 20 నెలలు చేసి వెళ్తే 2,000 అతనివి, మిగతా 2,800 ముఖవిలువకు మీకు అమ్మాలి. చాలామంది ఇక్కడ "కంపెనీ తిరిగి కొంటుంది" అని రాసి చిక్కుల్లో పడతారు. కంపెనీ తన షేర్లు తాను కొనాలంటే కంపెనీల చట్టం 68వ సెక్షన్ నిబంధనలు, పరిమితులు దాటాలి, చిన్న కంపెనీకి అది అంత తేలిక కాదు. కొనేది మీరే అని రాయండి. అతను మొండికేస్తే బోర్డు నియమించిన వ్యక్తి అతని తరఫున బదిలీ పత్రంపై సంతకం చేయవచ్చని ఆర్టికల్స్‌లోనే పెట్టించండి. ఖాళీ ఫారం అవసరం దీంతో తీరిపోతుంది. కారణం లేకుండా మీరే పంపించేస్తే, లేదా అతను మంచాన పడితే, ఏడాది నిండకపోయినా పనిచేసిన నెలల షేర్లు అతనికి దక్కాలి.

అతని కోపంలో న్యాయం కూడా ఉంది: షరతు అతనికే, మీకు లేదు. మీకు మిగిలే 7,100లో సగం రెండేళ్ల పనికి ఖాయమైనట్టు రాసి, మిగతా 3,550కి వచ్చే రెండేళ్లు ఇదే షరతు పెట్టుకోండి. అతన్ని ఒప్పించడానికి ఇంతకంటే మంచి మాట నాకు తెలియదు.

వరస తప్పకండి. ముందు ఈ షరతులను ఆర్టికల్స్‌లో చేర్చే ప్రత్యేక తీర్మానం చేసి, 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కు ఎంజీటీ-14 ఫారం దాఖలు చేయండి. స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసి మీరిద్దరితో పాటు కంపెనీ తరఫున కూడా సంతకం పెట్టించండి. ఆ తర్వాతే బదిలీ. బదిలీ ధరగా ముఖవిలువే వేసేముందు చార్టర్డ్ అకౌంటెంటును అడగండి: సరసమైన విలువకూ ఇచ్చిన ధరకూ మొత్తం తేడా 50,000 రూపాయలు దాటితే, ఆ తేడా మీద అతనికి ఆదాయపన్ను పడుతుంది. రేపు మీరు ముఖవిలువకు తిరిగి కొన్నప్పుడు మీకూ అదే లెక్క.